సింగపూరు దాకా పోయి మేడమీదికి వచ్చిన గొంతు

చిన్నాయన సింగపూరుకు బయలుదేరిన రోజు ఆయన సెల్‌ఫోను సరిచూసి చేతికిచ్చింది నేనే. తర్వాత జరిగినదానికంతా మొదటి తప్పు నాది. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు తేలిక.

తొంభైల చివరి సంవత్సరాలవి. మద్రాసు పేరు మారి చెన్నై అయి ఎంతో కాలం కాలేదు. మౌంట్ రోడ్డులో ఒక సెల్‌ఫోను కంపెనీలో, బిల్లులు అచ్చువేసే విభాగంలో నాకు ఉద్యోగం. నాన్న ఉద్యోగం వేరే ఊళ్ళో కావడంతో నేను చూలైలో చిన్నాయన వాళ్ళింట్లో ఉండేదాన్ని. కింద కాగితాల కొట్టు, పైన ఇల్లు. కొట్టు తాత పెట్టింది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. రీములు కోసే పెద్ద మిషను ఒకటి కొట్టు వెనకభాగంలో ఉండేది. దాని కత్తి దిగిన ప్రతిసారీ దడ్ మని మేడమీది నేల అదిరేది. పిన్ని బడిలో టీచరు, సాయంత్రం అయిదుకుగాని వచ్చేది కాదు. అందువల్ల పగలంతా పైన అవ్వ ఒక్కతే.

ఆ ఇంటి గోడలు మూరెడు మందం. సెల్‌ఫోనుకు లోపల సిగ్నలు అందేది కాదు. అందుకని కొన్న కొత్తలోనే చిన్నాయన ఫోనులో నేనొక ఏర్పాటు చేశాను. ఫోను ఎత్తకపోయినా, వేరే మాటల్లో ఉన్నా, సిగ్నలు దొరకకపోయినా వచ్చిన ఫోన్‌కాలు మేడమీది మామూలు ఫోనుకు మళ్ళుతుంది. కింద కొట్టుకు వేరే ఫోను ఉండేది గానీ అది ఎప్పుడూ బేరగాళ్ళతో తీరిక లేకుండా ఉండేది. ఈ మళ్ళింపు ఏడాదిపాటు చక్కగా పనిచేసింది. పనిచేసేదాన్ని మనుషులు మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను.

పాత అచ్చు మిషన్లు చూసి బేరమాడటానికి చిన్నాయన మూడు వారాలు సింగపూరు పోవాల్సి వచ్చింది. మా కంపెనీ ఫోను అక్కడా పనిచేసేలా నేనే ఫారం నింపి, డిపాజిట్టు కట్టించాను. అక్కడ ఫోను ఎత్తితే ఇక్కడినుంచి సింగపూరు దాకా అయ్యే ఖర్చు పిలిచినవాళ్ళది కాదు, ఎత్తినవాళ్ళదేనని చెప్పాను. పిలిచేవాళ్ళు చెన్నై నంబరే తిప్పుతారు, మనిషి పై దేశంలో ఉన్నాడని వాళ్ళకు తెలియదు గదా. అంతవరకు సరిగ్గానే చెప్పాను. ఆ తర్వాత, పెద్ద తెలిసినదానిలా, ఎత్తకుండా వదిలేస్తే పైసా పడదని కూడా చెప్పాను. చిన్నాయన నా మాట అక్షరాలా పాటించాడు. పొద్దున్నే ఫోనును బసగదిలో ఛార్జరుకు తగిలించి, తలుపు తాళమేసి, గోదాములు చూడటానికి పోయేవాడు. ఒకరోజు విడిచి ఒకరోజు రాత్రి వీధిలోని కార్డు ఫోనునుంచి ఇంటికి చేసి క్షేమం చెప్పేవాడు.

ఆయన పోయిన మూడో నాలుగో రోజునుంచి అవ్వలో ఏదో మార్పు వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక నిద్రపోవడం మానేసిందని పిన్ని కనిపెట్టింది. సాయంత్రం వచ్చేసరికి అవ్వ నడవాలో ఫోను బల్ల పక్కన, కుర్చీ వేసుకొని, ఉతికిన చీర కట్టుకొని కూర్చుని ఉండేది. ఎవరైనా చేశారా అని పిన్ని అడిగితే ఎవరూ లేదనేది. ఒక సాయంత్రం నేనడిగితే నా ముఖంలోకి చాలాసేపు చూసింది. చెప్పదలుచుకున్నది మింగేసి, మీకు అర్థం కాదులే అంది. ఆ చూపు నన్ను భయపెట్టింది. మతి తప్పుతోందేమో, డాక్టరుకు చూపిద్దామని పిన్నీ నేనూ గుసగుసగా అనుకున్నాం.

కింద కొట్టులో గుమాస్తా కూడా అదోలా ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టులోనే పనిచేస్తున్న మనిషి. చెన్నైలో కొట్టు యజమానిని ముదలాళి అంటారు. తాతనూ అలాగే పిలిచాడు, చిన్నాయననూ అలాగే పిలుస్తాడు. నేను పనికి దిగేటప్పుడు ముదలాళి ఎప్పుడు వస్తారని రోజూ అడిగేవాడు. అడిగి, నా కళ్ళలోకి చూడకుండా తల తిప్పుకునేవాడు.

రెండో వారంలో మా ఆఫీసుకు సింగపూరునుంచి ఒక ఫాక్సు వచ్చింది. మన ఫోను అక్కడ ఎవరైనా హద్దుమించి వాడితే అక్కడి కంపెనీవాళ్ళు మనల్ని హెచ్చరిస్తూ పంపే కాగితమది. ఒక్కొక్క కాలుకూ విడిగా వివరాలుండవు. నంబరు, మొత్తం నిమిషాలు, మొత్తం డబ్బు, అంతే. ఆ నంబర్లను మా చందాదారుల పేర్లతో సరిపోల్చడం నా పని. మూడో వరుసలో చిన్నాయన నంబరు కనిపించింది. పొరపాటు పడ్డానేమోనని స్కేలు పెట్టి మళ్ళీ చదివాను. అదే నంబరు. పక్కనున్న మొత్తం నా మూడు నెలల జీతానికి పైనే.

ఆయన ఫోను ఎత్తడని నాకు తెలుసు. ముందురోజు రాత్రే కార్డు ఫోనులో మాట్లాడుతూ, ఇంతవరకు ఒక్కసారి కూడా ఎత్తలేదని గర్వంగా చెప్పాడు. తాళమేసిన గదిలో ఛార్జరుకు తగిలించిన ఫోను. మరి దాన్ని వాడుతున్నది ఎవరు?

పై దేశాల లెక్కలు చూసే పెద్దాయన మా గదిలోనే మూలన కూర్చునేవాడు. అంతకు ముందు రోజుల తాలూకు వివరాల టేపు అప్పటికే వచ్చి ఉండటంతో ఆయన కంప్యూటరులో తెరిచి చూపించాడు. నంబరు మా చిన్నాయనదని నేను ఆయనకు చెప్పలేదు. తెరమీద ప్రతి మధ్యాహ్నమూ ఒక కాలు ఉంది. చిన్నాయన ఫోనునుంచి చెన్నైకి చేసిన కాలు. పెద్దాయన ఊరకే ఉండక, మన చెన్నై ఎక్స్చేంజి రాసుకున్న పట్టీ కూడా తీసి పక్కన పెట్టాడు. అందులో అదే నిమిషానికి చెన్నైనుంచి సింగపూరుకు ఆ ఫోనుకు పోయిన కాలు ఉంది. రెండూ ఒకే క్షణాన మొదలై, ఒకే క్షణాన ముగిశాయి. ఒకే ఫోను ఒకే సమయంలో ఒక కాలు అందుకుంటూ ఇంకొక కాలు చేస్తోంది. ఒకరోజు రెండు నిమిషాలు, మర్నాడు మూడు. ఒకరోజు పదకొండు.

సింగపూరునుంచి చేసిన చెన్నై నంబరు ఏమిటా అని చూశాను. అది మా మేడమీది ఫోను.

 ఎవరూ లేని గదిలోంచి ఒక ఫోను తనంతట తాను మా అవ్వకు రోజూ ఫోను చేస్తోంది. పదకొండు నిమిషాలు. కుర్చీ వేసుకొని, ఉతికిన చీర కట్టుకొని కూర్చున్న అవ్వ గుర్తుకొచ్చింది. పెద్దాయన ఏదో వివరించబోయాడు గానీ నేను వినే స్థితిలో లేను. తలనొప్పి అని చెప్పి సెలవు తీసుకొని ఆటో ఎక్కాను.

ఇంటికి చేరేసరికి మూడు కావస్తోంది. కొట్టు ముందునుంచి పోకుండా సందువైపు మెట్లెక్కి పైకి వెళ్ళాను. అవ్వ ఫోను పక్కనే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, పొమ్మననూ లేదు. పక్కనున్న పేము మోడా చూపించి కూర్చోమంది. ఇద్దరం కూర్చున్నాం. కింద మిషను ఆగి ఆగి కోస్తోంది. వీధిలో ఎండ. కిటికీ తలుపు సందులోంచి ఒక గీత నేలమీద పడింది.

ఫోను మోగింది. అవ్వ మెల్లగా ఎత్తి చెవికి ఆనించుకుని, ఎవురు అంది. ఇంకేమీ మాట్లాడలేదు. వింటోంది. ఆమె ముఖంలో భయం లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. కాసేపటికి రిసీవరును నాకందించింది.

"విను. ఆడ కూడా మన కొట్టుండాది," అంది.

చెవి దగ్గర పెట్టుకున్నాను. మొదట ఏరు పారుతున్నట్టు హోరు. దాని వెనక మనుషుల సడి. కింద మా మిషను దడ్ మంది, పాదాల కింద నేల అదిరింది. ఒక క్షణం గడిచాక, చెవిలో, ఎక్కడో దూరాన ఇంకొక మిషను దడ్ మంది. మళ్ళీ కింద దడ్. మళ్ళీ, కొంచెం ఆగి, చెవిలో దడ్. మేము ఏంచేస్తే ఒక్క క్షణం వెనకగా అదే చేసే ఇంకొక ఇల్లేదో ఎక్కడో ఉన్నట్టు. అప్పుడు ఆ హోరులోంచి ఒక సన్నని గొంతు పిలిచింది.

"ముదలాళీ... ముదలాళీ..."

 ఎవరని నేనడిగితే, నా గొంతే తిరిగి నా చెవిలోకి వచ్చింది, ఎవరు అని, ఆలస్యంగా, ముసలిదానిలా. రిసీవరు పెట్టేశాను.  కింద మిషను నడుస్తూనే ఉంది. ఇప్పుడు దానికి ప్రతిధ్వని లేదు.

"మీ తాతను పిలస్తా ఉండారు," అంది అవ్వ. "ఆయన ఆడ కూడా కొట్టు పెట్టుకోని ఉండాడు. కోత మిషను లేకుండా ఆయన ఉండలేడు గదా."

ఎంత మామూలుగా చెప్పిందంటే, ఒక్క నిమిషం పాటు నేనూ నమ్మాను. ఆ నిమిషం ఇప్పటికీ నాకు జ్ఞాపకం.  అయినా మెట్లు దిగాను. ఎందుకంటే ఆ పిలుపులో ఏదో నాకు తెలిసిన యాస ఉంది.

కొట్టులో గుమాస్తా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా ఫోనుమీదే ఉంది.  ఎవరికి చేశావని అడిగితే మొదట నీళ్ళు నమిలాడు. ఏదైనా అవసరమొస్తే చెయ్యమని చిన్నాయన తన సెల్ నంబరు చీటీమీద రాసిచ్చాడట. కాగితం ధర మారినప్పుడూ, సరుకు రానప్పుడూ అడగటానికి, బేరం తగ్గిన మూడు గంటల వేళ రోజూ చేస్తున్నాడు. ముదలాళి ఎత్తడంలేదు.

"ఇంకెవరెత్తతా ఉండారు?" అన్నాను.

అతను గొంతు తగ్గించాడు. "ఒక ముసలామె, పాపా. తెలుగులోనే ఎవురు అంటాది. నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటాది. తర్వాత ఏమీ అనదు, ఊరికే వింటాది. వెనకాల మన మిషను మాదిరే ఒకటి కొడతా ఉంటాది. ముదలాళి గదిలో ఆ ముసలామె ఎవురో, ఆడ మిషనెందుకుండాదో... ఎట్ట అడిగేది? ఇంట్లో చెప్తే మీ పిన్నమ్మ ఏమనుకుంటాదో అని నోరు మూసుకున్నా."

ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన మా అవ్వ గొంతును అతను పోల్చుకోలేదు. అవ్వ అతని గొంతును పోల్చుకోలేదు. ఇద్దరి మధ్యా ఉన్నది పదహారు మెట్లు. ఆ పదహారు మెట్లెక్కాల్సిన మాట కొట్టులోంచి బయలుదేరి, మా కంపెనీ ఎక్స్చేంజికి పోయి, అక్కడినుంచి సముద్రం దాటి సింగపూరులో తాళమేసిన గదిలో ఫోనును మోగించేది. ఎవరూ ఎత్తకపోయేసరికి, నేను ఏడాది కిందట పెట్టిన మళ్ళింపు గుర్తుచేసుకొని, మళ్ళీ సముద్రం దాటి మా మేడమీదికి వచ్చేది. అందుకే ఆ ఆలస్యం. అందుకే ఆ హోరు.

పట్టీలో రెండు కాల్‌లెందుకో అప్పుడు బోధపడింది. చెన్నైనుంచి సింగపూరుకు పోయినది ఒక ఖర్చు. సింగపూరునుంచి చెన్నైకి మళ్ళినది ఇంకొక ఖర్చు. రెండూ చిన్నాయనవే. మళ్ళింపు సింగపూరు చేరిన తర్వాత జరుగుతుంది గనక, అక్కడివాళ్ళ లెక్కలో అది ఆయన తానే ఇంటికి చేసిన ఐఎస్‌డీ కాలు. దానిమీద వాళ్ళ రేటు, మన కంపెనీ వేసే అదనం, పన్ను. మళ్ళింపు లేకపోతే మోగి మోగి ఆగిపోయేది, ఖర్చుండేది కాదు. అవ్వ ఎత్తకపోయినా ఉండేది కాదు. అవ్వ రిసీవరు ఎత్తిన క్షణాన రెండు మీటర్లూ ఒకేసారి తిరగడం మొదలుపెట్టేవి.

ఆ సాయంత్రం నేను సింగపూరు బస నంబరుకు ఇంటి ఫోనునుంచే చేశాను. మేనేజరు చిన్నాయనను పిలిపించాడు. జరిగింది చెప్పాను, ఖర్చు మొత్తం ఎంతయిందో కూడా చెప్పాను. 

"నేను ఎత్తనే లేదే," అన్నాడు ఆయన.

ఎత్తకపోవడంవల్లే వచ్చిందని చెప్పడం నాకు కష్టమైంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. సెల్‌ఫోను చేతిలోకి తీసుకొని నేను చెప్పినట్టు నొక్కమన్నాను. హ్యాష్ రెండుసార్లు, సున్నా, సున్నా, రెండు, మళ్ళీ హ్యాష్, ఆ తర్వాత కాలు చేసే మీట. మళ్ళింపులన్నీ చెరిగిపోయాయని తెరమీద వచ్చిందని ఆయన ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం చదివి వినిపించాడు. రెండుసార్లు చదివించుకున్నాను. అక్కర లేనప్పుడు మీట నొక్కి ఫోను ఆపేయమన్నాను. బాటరీ పీకకూడదు, మీటతోనే ఆపాలి. ఇది మర్నాడు పెద్దాయన చెప్పిన మాట కూడా. మీటతో ఆపితే, నేను పోతున్నానని ఫోను చెప్పి పోతుందట. బాటరీ పీకితే చెప్పదు. మనిషి పోయినా చాలాసేపు ఇంకా ఉన్నాడనే అక్కడి ఎక్స్చేంజి నమ్ముతుంది, ఆ పేరుమీద పిలుపులు అందుకుంటూనే ఉంటుంది. మళ్ళింపు మిగిలి ఉంటే అప్పుడు కూడా రెండు ఖర్చులూ పడతాయి. పెద్దాయన ఇది మామూలు సాంకేతిక సంగతిగానే చెప్పాడు. నేను మాత్రం ఆ రోజంతా అవ్వను తలుచుకుంటూ ఉన్నాను.

మర్నాడు మూడు గంటలకు నేను ఆఫీసులో ఉన్నాను. గుమాస్తాను ఒకసారి చేసి చూడమని చెప్పి వచ్చాను. ఫోను మోగలేదని, స్విచాఫ్ అని ఎవరో అమ్మాయి గొంతు చెప్పిందని అతను నాకు ఆఫీసుకు ఫోను చేసి చెప్పాడు. అతని గొంతులో ఊరట.

ఇంటికి వచ్చేసరికి అవ్వ అదే కుర్చీలో ఉంది. ఈరోజు ఫోను రాలేదే అంది. ఆమెకు చెప్పకుండా ఉండటం సరికాదనిపించి, పక్కన కూర్చుని అంతా చెప్పాను. కింది గుమాస్తా చేసిన ఫోను, సింగపూరు, మళ్ళింపు. ఆమె తెలివితక్కువ మనిషి కాదు, కొట్టు కష్టకాలంలో తాతకు ధైర్యం చెప్పిన మనిషి. శ్రద్ధగా విన్నది. ఆ పదకొండు నిమిషాల సంగతి అడిగాను. ఆ రోజు గుమాస్తా బేరం వచ్చి రిసీవరు బల్లమీద పెట్టేసి పోయి ఉంటాడు. అవ్వ ఆ సేపంతా కొట్టు విన్నది. కాగితం చప్పుడు, తూకం చప్పుడు, బేరాలు, మిషను. తాత పోయినప్పటినుంచి ఆమె కొట్టులోకి దిగలేదని నాకప్పుడు తట్టింది.

"అంటే సింగపూరులో ఎవరూ లేరా?" అంది.

"లేరవ్వా. అంతా మన కొట్టే."

"సరేలే. అదీ మన కొట్టే గదా," అని లేచి లోపలికి పోయింది. ఆ మాట ఎలా తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

బిల్లు వచ్చింది. తప్పు కంపెనీది కాదు గనక తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు. చిన్నాయన రెండు విడతలుగా కట్టాడు, నా జీతంలోంచి తీసుకొమ్మంటే తీసుకోలేదు. ఆ నెలలోనే నేను పై దేశాలకు పోయేవాళ్ళకోసం ఒక కాగితం టైపు చేసి, కౌంటరులో పెట్టమని పెద్దాయనకిచ్చాను. అందులో ఇలా రాశాను: పోయేముందు ఇక్కడే మళ్ళింపులన్నీ చెరిపేసుకోండి. ఇంటివాళ్ళకు పిలుపులు అందాల్సిందే అయితే, అన్ని కాల్‌లూ మోగకుండానే ఇంటికి మళ్ళేలా చెన్నైలోనే పెట్టుకొని పోండి. అప్పుడు పిలుపు సముద్రం దాటదు, ఇక్కడినుంచి ఇక్కడికే పోతుంది. ఏదీ వద్దనుకుంటే, పై దేశంలో ఉన్నప్పుడు వచ్చే కాల్‌లన్నిటినీ ఆపేసే ఏర్పాటు కూడా ఫోనులోనే ఉంది. పెద్దాయన దాన్ని తమిళంలోకి కూడా మార్చి అచ్చువేయించాడు.

తర్వాతి ఏడాది చిన్నాయన మళ్ళీ సింగపూరు పోయాడు. విమానాశ్రయంలో ఫోను నాకిచ్చి, నువ్వే చూడమ్మా అన్నాడు. అన్ని కాల్‌లనూ ముందే ఇంటికి మళ్ళించాను. పరీక్షకోసం అక్కడి రూపాయి బిళ్ళ ఫోనునుంచి ఆయన సెల్ నంబరు తిప్పాను. ఆయన చేతిలోని ఫోను మోగలేదు. మేడమీద అవ్వ ఎత్తింది. హోరు లేదు, ఆలస్యం లేదు. గొంతు పక్కగదిలో ఉన్నంత దగ్గరగా ఉంది.

"ఎవురు?" అంది.

నేనే అవ్వా, అన్నాను. సరే అని, ఇంకా ఏదో వినబడుతుందేమోనన్నట్టు పెట్టేయకుండా కొంచెంసేపు ఆగింది. నేనూ ఆగాను. తర్వాత, భోజనానికి వస్తావా అని అడిగింది.